మార్కాపురం వాన ఎన్నో బైటు దగ్గరుంది?

డిగ్రీ పిల్లలకు డేటా స్ట్రక్చర్స్ చెప్పినన్నాళ్ళూ టూ-డైమెన్షనల్ అర్రే లెక్క నాకు ఒక పేచీగానే ఉండేది. బేస్ అడ్రస్ ఇంత, ఒక్కో ఎలిమెంటు ఇన్ని బైట్లు, ఫలానా ఎలిమెంటు ఎక్కడుందో కనుక్కోమని పరీక్షలో అడుగుతారు. పిల్లలు ఫార్ములాలో అంకెలు వేసేసి మార్కులు తెచ్చుకునేవాళ్ళు. అదే పిల్లవాడికి నిజం ఫైలు ఒకటి ఇస్తే చేతులు ఆడేవి కావు. అందుకని పుస్తకంలో లెక్క పక్కన పెట్టి, భారత వాతావరణ శాఖ పుణె నుంచి ఇచ్చే వర్షపాతం ఫైలు ఇవ్వడం మొదలుపెట్టాను. మన పడమటి ప్రకాశంలో వాన సంగతి ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు గదా. ఆ ఫైలుతో నాకు తెలిసొచ్చినవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

1. మెమరీకి అడ్డం, నిలువు తెలియవు

మార్కాపురం పలక మీద గళ్ళు గీసి అంకెలు వేస్తే ఏ గడి కింద ఏ గడి ఉందో కంటికి కనిపిస్తుంది. మెమరీ అట్లా ఉండదు. అది ఒకే బారు. సున్నా నుంచి మొదలై ఒకటి, రెండు అంటూ పోతూనే ఉంటుంది. మనం గళ్ళలో రాసుకున్నదాన్ని ఆ బారులో పెట్టాలంటే రెండు పద్ధతులే మామూలుగా వాడుకలో ఉన్నాయి. ఒక అడ్డు వరుస మొత్తం పెట్టి, దాని తోక పట్టుకుని రెండో అడ్డు వరుస పెట్టడం రో-మేజర్. ఒక నిలువు వరుస మొత్తం దించి, దాని తరువాత రెండో నిలువు వరుస దించడం కాలమ్-మేజర్. అంతకుమించి ఇందులో సిద్ధాంతం లేదు. తక్కినదంతా లెక్కే.

2. ఫైలు వెంట వచ్చిన చీటీ ముందు చదవండి

వాతావరణ శాఖ ఈ ఫైలులో దేశాన్ని పావు డిగ్రీ గళ్ళుగా కోసింది. పావు డిగ్రీ అంటే మన వైపు సుమారు 27 కిలోమీటర్లు. అక్షాంశం 6.5 నుంచి 38.5 దాకా 129 వరుసలు, రేఖాంశం 66.5 నుంచి 100 దాకా ఒక్కో వరుసలో 135 బిందువులు. ఒక రోజుకు మొత్తం 17,415 అంకెలు. ఒక్కో అంకె 4 బైట్ల ఫ్లోటు కాబట్టి రోజుకు 69,660 బైట్లు. ఏడాదికి ఒక ఫైలు. 1901 నుంచి ఉన్నాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, చీటీలో ఉండే ఒక్క వాక్యం ఒక ఎత్తు. మొదటి అంకె 6.5 ఉత్తర అక్షాంశం, 66.5 తూర్పు రేఖాంశానిది, రెండోది అదే అక్షాంశంలో 66.75 రేఖాంశానిది అని అందులో ఉంటుంది. ముందు కదిలేది రేఖాంశం అన్నమాట. అది 135 అడుగులు వేశాకే అక్షాంశం ఒక్క మెట్టు ఎక్కుతుంది. ఆ ఒక్క ముక్క తెలియకపోతే ఫైలంతా చేతిలో ఉన్నా ఉపయోగం లేదు. ఎందుకంటే ఫైలులో ఊరి పేర్లూ ఉండవు, అక్షాంశాలూ ఉండవు. ఉత్త వాన అంకెలు, అంతే. ఫలానా అంకె ఏ ఊరిదో చెప్పేది అది కూచున్న చోటు మాత్రమే.

రో-మేజరా, కాలమ్-మేజరా అని పిల్లలు అడిగితే నేను మాట మార్చి, "పక్కపక్కనున్న రెండు అంకెల్లో ఏది మారింది?" అని అడిగేవాణ్ణి. ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే పేరు ఏదైనా ఒకటే.

3. ఫార్ములా బట్టీ వద్దు, ముందున్నవి లెక్కపెట్టండి

పుస్తకాల్లో ఉండే రో-మేజర్ ఫార్ములా ఇది:

```
LOC(A[i][j]) = B + W * ( N*(i - Lr) + (j - Lc) )
```

`B` మొదలు, `W` ఒక్కో అంకె తినే బైట్లు, `N` నిలువు వరుసల సంఖ్య, `Lr`, `Lc` ఇండెక్సులు ఎక్కడ మొదలవుతాయో ఆ అంకెలు. బట్టీ పట్టినవాడికి పరీక్ష హాలులో ఇక్కడ `N` వస్తుందా `M` వస్తుందా అన్న అనుమానం తప్పకుండా వస్తుంది. దీన్ని ఒకే ఒక్క ప్రశ్నగా చూడండి: నాకు కావలసిన అంకెకు ముందు ఎన్ని అంకెలు ఉన్నాయి? దాని పైన నిండుగా అయిపోయిన వరుసలు `i - Lr`. ఒక్కోదాంట్లో `N` అంకెలు. తన వరుసలో తనకు ముందున్నవి `j - Lc`. రెండూ కలిపి బైట్లతో గుణిస్తే దూరం వస్తుంది. కాలమ్-మేజర్ అయితే ముందు నిండిపోయేవి నిలువు వరుసలు, ఒక్కోదాంట్లో `M` అంకెలు. అంచేత `M*(j - Lc) + (i - Lr)`.

మార్కాపురానికి వేద్దాం. ఊరు సుమారు 15.73 ఉత్తరం, 79.27 తూర్పు. దగ్గరి బిందువు 15.75, 79.25. మెట్లు ఎన్ని ఎక్కాలి? 15.75 లోంచి 6.5 తీసేస్తే 9.25, దాన్ని పావుతో భాగిస్తే 37. రేఖాంశంలో 79.25 లోంచి 66.5 పోతే 12.75, అంటే 51 అడుగులు. పుస్తకంలో లోయర్ బౌండ్ అని -3 అనో 10 అనో ఊరికే ఇస్తారే, అది నిజంగా ఎందుకు పనికొస్తుందో ఇక్కడ తెలుస్తుంది. ఈ ఫైలుకు 6.5, 66.5 లే లోయర్ బౌండ్లు.

మార్కాపురానికి ముందు నిండిన వరుసలు 37, ఒక్కోదాంట్లో 135. గుణిస్తే 4,995. తన వరుసలో ముందున్నవి 51. కలిపితే 5,046. నాలుగుతో గుణిస్తే 20,184. ఏ రోజు రికార్డు తీసుకున్నా, దాని మొదలు నుంచి 20,184 బైట్లు దాటితే మార్కాపురం వాన ఉంటుంది.

"సార్, పరీక్షలో బేస్ అడ్రస్ ఇస్తారు గదా, ఇక్కడేది?" అని గిద్దలూరు నుంచి వచ్చే అమ్మాయి ఒకామె అడిగింది. మంచి ప్రశ్న. ఫైలులో అయితే బేస్ సున్నా. అదే రోజును మెమరీలోకి ఎక్కిస్తే కంప్యూటరు ఎక్కడ చోటిస్తే అదే బేస్. ఈ రోజు ఒకటి ఉంటుంది, రేపు నడిపితే ఇంకొకటి. మారనిది 20,184 అన్న దూరమే.

రోజు కూడా లెక్కలోకి తీసుకుంటే మూడో మెట్టు వస్తుంది, పద్ధతి మాత్రం అదే. లీపు కాని ఏడాదిలో జూలై 15 అంటే 196వ రోజు. దానికి ముందు నిండిన రోజులు 195. 195ను 69,660తో గుణిస్తే 1,35,83,700. దానికి 20,184 కలిపితే 1,36,03,884. సీ భాషలో ఇంతే పని:

```c
long k = (195L*129 + 37)*135 + 51;
fseek(fp, k*4, SEEK_SET);
fread(&v, 4, 1, fp);
```

లీపు సంవత్సరమైతే జూలై 15కు ముందు 196 రోజులుంటాయి. ఫైలు సైజు చూస్తేనే లీపో కాదో తెలుస్తుంది. మామూలు ఏడాదిది 2,54,25,900 బైట్లు. లీపుది సరిగ్గా 69,660 ఎక్కువ. సైజును 69,660తో భాగించినప్పుడు శేషం మిగిలిందంటే ఫైలు సగంలో ఆగిపోయిందనుకోండి, ఇక లెక్క మొదలుపెట్టొద్దు.

4. 129 లెక్కలోకి రాకపోవడం గమనించండి

ఒక్క రోజు లెక్కలో 135 వచ్చింది, 129 రాలేదు. రో-మేజర్‌లో మొత్తం ఎన్ని వరుసలున్నాయన్నది అడ్రస్‌కు అక్కర్లేదు, ఒక్కో వరుస ఎంత పొడుగో తెలిస్తే చాలు. సీ భాషలో ఫంక్షన్‌కు అర్రే పంపేటప్పుడు `float rf[][135]` అని మొదటి బ్రాకెట్టు ఖాళీగా వదలొచ్చు గాని రెండోది వదలకూడదని చెబుతారు. పిల్లలు దాన్ని ఒక నియమంగా గుర్తుపెట్టుకుంటారు. నిజానికి అది ఫార్ములాలోనే ఉంది. కంపైలరుకు గుణించడానికి 135 కావాలి, 129తో దానికి పనిలేదు.

పనిలేదు కాబట్టే హద్దు దాటినా అది అడ్డం చెప్పదు. `rf[37][140]` అని రాస్తే తరువాతి వరుసలో ఆరో అంకె, అంటే `rf[38][5]`, తెచ్చి చేతిలో పెడుతుంది.

5. సముద్రంలో పడే తప్పు మంచిది, ఊళ్ళో పడే తప్పు చెడ్డది

దీని మీదే నేను ఎక్కువసేపు గడిపేవాణ్ణి. భారత భూభాగం బయట పడే బిందువుల్లో ఈ ఫైలు -999 అని పెడుతుంది. అందువల్ల తప్పు లెక్క వేస్తే ఎక్కడ తేలామో కనుక్కోవచ్చు. ఎట్లాగంటే, వచ్చిన ఇండెక్సును 135తో భాగించండి. భాగఫలం వరుస, శేషం అడుగులు. ఫార్ములాను వెనక్కి తిప్పడమన్నమాట. పరీక్షలో దీన్ని అడగరు. అడగాలి.

మొదటి తప్పు, 135 బదులు 129తో గుణించడం. 37 ఇంటూ 129 కలుపు 51 అంటే 4,824. వెనక్కి తిప్పితే 35వ వరుస, 99 అడుగులు. అంటే 15.25 ఉత్తరం, 91.25 తూర్పు. అండమాన్‌కు ఇవతల బంగాళాఖాతం. -999 వస్తుంది.

రెండో తప్పు, ఫైలును కాలమ్-మేజర్ అనుకోవడం. 51 ఇంటూ 129 కలుపు 37 అంటే 6,616. వెనక్కి తిప్పితే 49వ వరుస, ఒక్క అడుగు. 18.75 ఉత్తరం, 66.75 తూర్పు. ఈసారి అరేబియా సముద్రం. ఇదీ -999.

ఈ రెండు తప్పులూ చేసినవాడికి వెంటనే తెలిసిపోతుంది. నెల సగటు తీస్తే మైనస్ వందల మిల్లీమీటర్ల వాన కనిపిస్తుంది, ఎవరైనా ఆగి చూస్తారు.

మూడో తప్పు అట్లా దొరకదు. గుణకం సరిగ్గా 135 పెట్టి, అక్షాంశం ఉండాల్సిన చోట రేఖాంశం పెడతారు. 51 ఇంటూ 135 కలుపు 37 అంటే 6,922. వెనక్కి తిప్పితే 19.25 ఉత్తరం, 75.75 తూర్పు. మహారాష్ట్రలో బీడ్ జిల్లా, గేవరాయి దగ్గర. అది భూమి. అక్కడా వాన అంకె ఉంటుంది. పైగా మరాఠ్వాడా కూడా మనలాగే వాన కోసం ఎదురుచూసే సీమ. అంకె చూసి ఎవరికీ అనుమానం రాదు. మార్కాపురం వర్షపాతం అని ప్రాజెక్టు రిపోర్టులో గ్రాఫు గీసి, అట్ట వేసి ఇచ్చేస్తారు.

నాలుగోది అంతకన్నా గడుసుది. ఇండెక్సును ఒకటి నుంచి మొదలుపెట్టి 38, 52 అని తీసుకుంటారు, ఫార్ములాలో ఒకటి తీసేయడం మరుస్తారు. 38 ఇంటూ 135 కలుపు 52 అంటే 5,182. వెనక్కి తిప్పితే 16.0 ఉత్తరం, 79.5 తూర్పు. త్రిపురాంతకం పక్కన! మనది అడిగితే ఇంకో మండలం వాన వచ్చింది. ముసురు పట్టిన రోజుల్లో ఆ రెండు చోట్లా ఇంచుమించు ఒకేరకంగా పడొచ్చు. గ్రాఫు ఆకారం కూడా అట్లాగే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే అంకెలు చూస్తే చాలదు, ఇండెక్సును వెనక్కి తిప్పి అక్షాంశ రేఖాంశాలు చూసుకోవలసిందే.

ఇంకో ఉపాయం మూలలు చూడటం. చివరి బిందువు 38.5, 100. దాని ఇండెక్సు మీ ఫార్ములాలో 17,414 రావాలి. 17,415 వచ్చిందంటే ఒకటి ఎక్కడో ఎక్కువైంది. మొదటి బిందువుకు సున్నా రావాలి. ఈ రెండూ కుదిరినా రెండో తప్పు మాత్రం దాక్కునే ఉంటుంది. అందుకని మధ్యలో తెలిసిన ఊరు ఒకటి కూడా సరిచూడాలి.

6. బొమ్మ గీయండి

ఒక రోజు అంకెలు తీసుకుని -999 ఉన్నచోట చుక్క, తక్కినచోట నక్షత్రం గుర్తు వేస్తూ, 135 కాగానే కొత్త లైనుకు పోయే చిన్న ప్రోగ్రాము రాయండి. తెర మీద భారతదేశం కనిపిస్తుంది, తలకిందులుగా. మొదటి వరుస దక్షిణపు కొస కాబట్టి కన్యాకుమారి పైన ఉంటుంది. తలకిందులైతే కంగారు పడనక్కర్లేదు, ఫైలు చెప్పినట్టే వచ్చింది.

లైనుకు 129 వేస్తే మాత్రం దేశం కనిపించదు. ప్రతి లైనులో బొమ్మ ఆరేసి గళ్ళు కుడికి జరుగుతూ పోతుంది. 135 లోంచి 129 పోతే ఆరు గదా. ఏటవాలు చారలు వచ్చాయంటే వరుస పొడుగు తప్పు. ఆకారం బాగానే ఉండి పక్కకు పడుకున్నట్టుంటే అక్షాంశ రేఖాంశాలు తారుమారయ్యాయి. ఈ రెండు జబ్బుల లక్షణాలు వేరు, కలిపేసుకోకండి.

7. ఫోర్ట్రాన్‌వాళ్ళతో తగాదా వద్దు

వాతావరణ లెక్కలవాళ్ళలో ఫోర్ట్రాన్ వాడకం ఎక్కువ. 1957లో ఐబీఎమ్ 704 కంప్యూటరు కోసం జాన్ బ్యాకస్ బృందం తెచ్చిన భాష అది, కాలమ్-మేజర్. సీ భాష 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ చేతుల మీదుగా వచ్చింది, రో-మేజర్. అయితే ఈ ఫైలు రో-మేజరా, కాలమ్-మేజరా?

రెండూ కాదు, రెండూ అవును. సీలో `rf[129][135]` అని ప్రకటించి అక్షాంశం ముందు రాస్తాం. ఫోర్ట్రాన్‌లో `rf(135,129)` అని ప్రకటించి రేఖాంశం ముందు రాస్తారు. సీలో చివరి ఇండెక్సు త్వరగా కదులుతుంది, ఫోర్ట్రాన్‌లో మొదటిది. ఇద్దరికీ కదిలేది రేఖాంశమే. బైట్లు అవే, ఒక్కటీ అటూఇటూ కాలేదు. మార్కాపురం సీలో `rf[37][51]`, ఫోర్ట్రాన్‌లో ఒకటి నుంచి లెక్క కాబట్టి `rf(52,38)`.

మ్యాట్‌ల్యాబ్, ఆర్ కూడా ఫోర్ట్రాన్ దారే. అక్కడ ఈ అంకెలను 135, 129 గానే మడవాలి. నంపైలో ఏమీ చెప్పకపోతే సీ దారి, అందుకని `reshape(365,129,135)`. ఒక భాషలో రాసిన ప్రోగ్రామును ఇంకో భాషలోకి మార్చేవాళ్ళు ఇండెక్సుల వరుస తిప్పకుండా ఉన్నదున్నట్టు దించడం వల్లే పైన చెప్పిన రెండో తప్పు పుడుతుంది.

8. వేగం అడిగే ప్రశ్నలో ఉంటుంది

ప్రాసెసరు మెమరీలోంచి ఒక్క అంకె అడిగినా మామూలుగా 64 బైట్లు ఒకేసారి పట్టుకొస్తుంది, అంటే 16 అంకెలు. అడ్డు వరుస వెంట నడిస్తే ఆ పదహారూ వాడుకుంటాం. నిలువుగా నడిస్తే ప్రతి అడుగూ 540 బైట్ల గెంతు, తెచ్చిన పదహారులో పనికొచ్చేది ఒక్కటి. పాఠంలో ఇంతవరకే చెప్పి వదిలేస్తే పిల్లలు ఇంటికెళ్ళి ఒక్క రోజు ఫైలు మీద లూపులు తిప్పి చూసి, తేడా లేదే సార్ అంటారు. ఒక రోజు డేటా 70 వేల బైట్లు కూడా లేదు. ఇప్పటి ప్రాసెసర్ల క్యాష్‌లో అది మొత్తం ఇమిడిపోతుంది, తేడా ఎక్కడ కనిపిస్తుంది? ఏడాది ఫైలు మీదో, పదేళ్ళ ఫైళ్ళ మీదో చేసి చూడాలి.

ఒక రోజు దేశమంతటి వాన కావాలంటే ఈ అమరిక చక్కగా సరిపోతుంది. 69,660 బైట్లూ ఒకేచోట వరుసగా ఉంటాయి. మార్కాపురంలో ఏడాది పొడుగునా వాన కావాలంటే మాత్రం 365 చోట్ల ఆగాలి, ఒక్కో గెంతు 69,660 బైట్లు. కావలసింది చూస్తే అంతా కలిపి 1,460 బైట్లే. ఒక్క ఊరికైతే ఓర్చుకోవచ్చు. అన్ని బిందువులకూ ఇదే కావాలంటే ఒకసారి శ్రమపడి రోజును చివరికి తెచ్చి తిరగరాసుకోవడం మేలు. అప్పుడు ఇండెక్సు `(i*135 + j)*365 + d` అవుతుంది. మార్కాపురం ఏడాది మొత్తం 73,67,160 బైటు దగ్గర మొదలై వరుసగా 1,460 బైట్లలో ఉంటుంది.

9. గిద్దలూరుకు ఒక్క అడ్రస్ లేదు

మార్కాపురం అదృష్టం కొద్దీ బిందువు పక్కనే ఉంది. గిద్దలూరు అట్లా కాదు. రేఖాంశంలో 79.0కు దగ్గర, అందులో చిక్కు లేదు, 50 అడుగులు. అక్షాంశంలో మాత్రం 15.25కూ 15.5కూ ఇంచుమించు మధ్యలో పడుతుంది. ఊరికి మీరు తీసుకున్న అక్షాంశం రైల్వే స్టేషనుదా, బస్టాండుదా అన్నదాన్ని బట్టి కూడా దగ్గరి వరుస మారిపోవచ్చు. 35వ వరుస తీసుకుంటే ఇండెక్సు 4,775, 36వది తీసుకుంటే 4,910. రెంటికీ మధ్య సరిగ్గా 135, అంటే 540 బైట్లు.

ఇందులో ఏది తప్పని ఫార్ములా చెప్పదు. పైగా ఆ అంకెలు ఊళ్ళో వానమాపకం కొలిచినవి కావు. చుట్టుపక్కల కేంద్రాల కొలతల నుంచి లెక్కగట్టి బిందువుకు పెట్టినవి. గిద్దలూరు అమ్మాయికి నేను చెప్పింది ఒకటే: రెండు అంకెలూ తీసుకో, రెండింటినీ పట్టికలో పక్కపక్కన వేయి, ఏ ఇండెక్సు నుంచి తెచ్చావో మీద రాయి. సగటు తీయాలనుకుంటే తీయి గాని, అంతకుముందు రెంటిలో ఒకటి -999 కాదని చూసుకో.